ట్యాంక్ నిండిందా, సోక్ పిట్ మూసుకుపోయిందా: ట్యాంకర్‌ను పిలిచే ముందు తేల్చుకునే పద్ధతి

బాత్రూమ్‌లో నీళ్లు మెల్లగా దిగుతున్నాయి. ఫ్లష్ చేస్తే కమోడ్‌లో నీళ్లు పైకి వచ్చి నిదానంగా తగ్గుతున్నాయి. వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలినప్పుడల్లా కింది బాత్రూమ్ జాలీలో గుడగుడమని చప్పుడు. ఇలాంటప్పుడు ఎవరైనా మొదట అనే మాట, "సెప్టిక్ ట్యాంక్ నిండిపోయింది, ట్యాంకర్‌ను పిలవండి" అని. మా ఇంట్లోనూ అదే అన్నాం, అదే చేశాం. ఆరో రోజుకల్లా మళ్లీ గుడగుడలు మొదలయ్యాయి. రెండోసారి పిలిపించాం. మళ్లీ ఆరో రోజే. అప్పుడు గానీ కూర్చుని లెక్క వేయలేదు. ఆ లెక్క ముందే వేసి ఉంటే రెండు ట్యాంకర్ల ఖర్చు, రెండు వారాల టెన్షన్ తప్పేవి. అందుకే మేం చూసిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక విషయం. సెప్టిక్ ట్యాంక్ ఎప్పుడూ నిండే ఉంటుంది. కట్టి వాడకం మొదలుపెట్టిన కొన్ని రోజులకే అది అవుట్‌లెట్ పైపు మట్టానికి నిండుతుంది. ఆ తర్వాత ఇంట్లోంచి ఒక బకెట్ నీళ్లు లోపలికి వెళ్తే అటు నుంచి ఒక బకెట్ నీళ్లు సోక్ పిట్‌లోకి, అంటే ఇంకుడు గుంతలోకి పొర్లుతాయి. బరువైనది అడుగున మడ్డిగా పేరుకుంటుంది, కొవ్వు, నూనె లాంటివి పైన తెట్టుగా తేలతాయి, మధ్యలో ఉన్న తేరిన నీరు బయటికి పోతుంది. కాబట్టి మూత తీయగానే నీళ్లు కనిపించడం జబ్బు కాదు. ఆ నీళ్లు ఏ మట్టంలో ఉన్నాయి, మడ్డి ఎంత ఉంది, అవతలి గుంత ఎంత తాగుతోంది అన్నవే చూడాల్సినవి.

ముందు ఇంట్లోనే చూడండి

ఒక్క సింకో, ఒక్క బాత్రూమో మాత్రమే మెల్లగా దిగుతూ, మిగతావన్నీ బాగుంటే ట్యాంక్ జోలికి వెళ్లనక్కర్లేదు. ఆ పైపులోనో, ఆ ట్రాప్‌లోనో జుట్టు, సబ్బు, జిడ్డు పట్టి ఉంటుంది. ట్యాంక్ వైపు సమస్య అయితే ఒకటి కాదు, అన్నీ మందగిస్తాయి. అందులోనూ ఇంట్లో అన్నిటికన్నా పల్లంలో ఉన్న జాలీ మొదట పలుకుతుంది. మేడ మీద అంతా బాగుండి, కింది బాత్రూమ్‌లోనే నీళ్లు ఎగదన్నుతున్నాయంటే మేడ వాళ్లు వాడిన నీళ్లే దారి లేక కింద తేలుతున్నాయని అర్థం.

దీన్ని ఖాయం చేసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేయండి. ఒకరు కింది బాత్రూమ్ జాలీ దగ్గర నిలబడాలి, ఇంకొకరు దూరంగా ఉన్న కమోడ్‌ను రెండుసార్లు ఫ్లష్ చేయాలి. జాలీలో నీటి మట్టం పైకి లేస్తే అడ్డు రెండు పైపులూ కలిసిన చోటుకు అవతల ఉంది. మట్టం లేవకుండా బుడగలు, చప్పుడు మాత్రమే వస్తే గాలి గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. డాబా మీద దాని మూతిలో పక్షి గూడో ఆకులో ఉన్నాయేమో చూడండి.

చాంబర్ మూత తీయండి

ఇంటికీ ట్యాంక్‌కూ మధ్య ఉండే చాంబర్ చాలా నిజం చెబుతుంది. ఇంట్లో నీళ్లు ఆగిపోయి, చాంబర్ మాత్రం ఖాళీగా ఉంటే అడ్డు ఇంటికీ చాంబర్‌కూ మధ్య ఉంది. పైపులోకి రాడ్ కొట్టిస్తే సరిపోతుంది. చాంబర్ కూడా నిండి ఉంటే దోషం చాంబర్ నుంచి అవతలే.

పరిస్థితి మరీ ముదరకపోతే అక్కడే ఇంకో పని చేయండి. రాత్రి అందరూ పడుకున్నాక టార్చ్ వేసి చాంబర్‌లోకి చూడండి. ఎవరూ నీళ్లు వాడకపోయినా సన్నటి ధార పారుతోందంటే ఏదో ఫ్లష్ ట్యాంకో కుళాయో కారుతోంది. నిమిషానికి చిన్న టీ గ్లాసుడు, అంటే 100 మిల్లీలీటర్లు కారినా రోజుకు 144 లీటర్లు. దాదాపు ఒక మనిషి వాడకం. అలిసిపోయిన సోక్ పిట్‌ను ముంచేయడానికి ఆ ఒక్క ధార చాలు. ఫ్లష్ ట్యాంక్‌లో నాలుగు చుక్కలు ఇంకు వేసి అరగంట వదిలేయండి. ఫ్లష్ చేయకుండానే కమోడ్‌లోకి రంగు దిగితే కారేది అదే.

ట్యాంక్ మూత తీసే ముందు

ఇక్కడ కాస్త ఆగి చదవండి. సెప్టిక్ ట్యాంక్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వాయువులు ఉంటాయి. మొదటిది మోతాదు పెరిగితే ముక్కును మొద్దుబార్చేస్తుంది, వాసన ఆగిపోయింది కదా అనుకునేలోపే మనిషి కుప్పకూలిపోతాడు. రెండోది మంట తగిలితే అంటుకుంటుంది. మూత పక్కకు జరిపి, గాలి వచ్చే వైపుకు వెళ్లి కొంతసేపు దూరంగా నిలబడండి. తల లోపలికి వంచొద్దు. అగ్గిపుల్ల, సిగరెట్, దీపం దగ్గరికి రానివ్వొద్దు, బ్యాటరీ టార్చ్ మాత్రమే వాడండి. పిల్లలను దూరంగా ఉంచండి, మీరు పక్కకు వెళ్తే మూత వేసే వెళ్లండి. ఎవరూ లోపలికి దిగొద్దు, ఎవరినీ దించొద్దు. ట్యాంక్ ఖాళీ అయ్యాక కూడా అంతే. పడిపోయిన వాణ్ణి తీయబోయి వెంట దిగినవాళ్లు కూడా పోతారు. సోక్ పిట్‌కూ ఇదే నియమం. నేను చెప్పే ప్రతి కొలతా పై నుంచే, కర్రతోనే తీసేది.

నీటి మట్టం ఎక్కడుంది?

ట్యాంక్‌లోకి వచ్చే పైపు, బయటికి పోయే పైపు కన్నా రెండు మూడు అంగుళాలు ఎత్తులో ఉంటుంది. ఆ తేడాయే మీకు కొలబద్ద.

నీళ్లు అవుట్‌లెట్ పైపు అడుగు అంచుకు సమానంగా ఉంటే ట్యాంక్ నుంచి నీరు సరిగానే పోతోంది. అయినా చాంబర్ నిండి ఉందంటే ఇన్‌లెట్ దగ్గర తెట్టు గడ్డకట్టి అడ్డుపడి ఉండొచ్చు. పై నుంచి పొడవాటి కర్రతో ఆ గడ్డను కదిలిస్తే చాంబర్‌లో నీళ్లు ఒక్కసారిగా దిగిపోతాయి. అయితే తెట్టు అంత గట్టిపడిందంటే ట్యాంక్ ఖాళీ చేయించాల్సిన సమయం కూడా దగ్గర పడిందన్నమాట.

నీళ్లు అవుట్‌లెట్‌ను ముంచేసి ఇన్‌లెట్ పైకి కూడా వచ్చి ఉంటే బయటికి దారి లేదు. ఇప్పుడు సోక్ పిట్ మూత తీసి చూడాలి. గుంతలో నీళ్లు కిందెక్కడో ఉండి, ట్యాంక్ మాత్రం పొంగుతుంటే రెండింటి మధ్య పైపో, అవుట్‌లెట్ దగ్గర టీ అని పిలిచే T ఆకారపు పైపు ముక్కో పూడుకుంది. గుంత కూడా పైపు మట్టం దాటి నిండి ఉంటే గుంత ఇంకించడం మానేసింది. ఈ రెండో సందర్భంలో ట్యాంకర్ తెచ్చేది వైద్యం కాదు, కొన్ని రోజుల గడువు మాత్రమే.

నీళ్లు అవుట్‌లెట్ కన్నా బాగా కిందికి ఉండి, వాడుతున్నా పెరగకపోతే ట్యాంక్ గోడో అడుగో పగిలి భూమిలోకి కారుతోంది. ఇంట్లో వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి దీన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ దగ్గర్లో బావో బోరో ఉంటే అన్నిటికన్నా ప్రమాదం ఇదే.

మడ్డి కొలవడం

ట్యాంక్ నిజంగా నిండిందా లేదా అన్నది మడ్డిని బట్టే చెప్పాలి. ట్యాంక్ లోతు కన్నా పొడవైన కర్ర తీసుకుని, కింది సగానికి పాత తెల్ల తువ్వాలు చుట్టి తాడుతో గట్టిగా కట్టండి. అవుట్‌లెట్ వైపు మెల్లగా అడుగు తగిలేదాకా దించి, రెండు మూడు నిమిషాలు కదలకుండా ఉంచి, నిదానంగా పైకి తీయండి. గుడ్డకు ఎంత ఎత్తు వరకు నల్లటి మడ్డి రవ్వలు పట్టుకున్నాయో అదే మడ్డి మందం. తెట్టు మందం తెలియాలంటే ఇంకో కర్ర చివర అడ్డంగా చిన్న చెక్క ముక్క కొట్టి, తెట్టును గుచ్చి కిందికి దించి, పైకి లాగుతూ ఎక్కడ తగులుతుందో చూడండి.

మడ్డి, తెట్టు రెండూ కలిపి నీటి లోతులో మూడో వంతుకు చేరితే ఖాళీ చేయించాలి. నాలుగు అడుగుల నీటి లోతు ఉంటే అది 16 అంగుళాలు. అంతకు మించి వదిలేస్తే తేరిన నీటికి మధ్యలో చోటు తగ్గిపోతుంది, మడ్డి రేణువులు నీటితోపాటు కొట్టుకుపోయి సోక్ పిట్ గోడలకు పట్టేస్తాయి. మడ్డి వల్ల ఇంట్లో నీళ్లు ఆగడం కన్నా ఇదే పెద్ద నష్టం. ట్యాంక్‌ను ఒక పూటలో ఖాళీ చేయించొచ్చు, పాడైన గుంతను బాగుచేయడానికి నెలలు పడుతుంది.

మా ఇంటి లెక్క

మా ట్యాంక్ లోపలి పొడవు ఏడు అడుగులు, వెడల్పు నాలుగు, అవుట్‌లెట్ మట్టానికి నీటి లోతు నాలుగు. గుణిస్తే 112 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగు 28.3 లీటర్లు కాబట్టి ట్యాంక్ పట్టేది దాదాపు 3,170 లీటర్లు. ఇంట్లో ఐదుగురం. నీళ్లన్నీ అందులోకే పోతాయి. మనిషికి 120 లీటర్ల చొప్పున రోజుకు 600 లీటర్లు. అంటే పూర్తిగా ఖాళీ చేసిన ట్యాంక్ మళ్లీ అవుట్‌లెట్ మట్టానికి రావడానికి ఐదు రోజుల పైచిలుకు పడుతుంది. దాని పైన ఇంకో ఎనిమిది అంగుళాలు నిండితే మాకు గుడగుడ వినిపిస్తుంది, దానికి ఇంకొక రోజు. మొత్తం ఆరు.

మా గుడగుడలు తిరిగొచ్చింది సరిగ్గా ఆరో రోజే కదా. అంటే ఆ ఆరు రోజులూ మా ట్యాంక్ ఉత్త తొట్టిలా పనిచేసింది. దాదాపు ఏమీ బయటికి పోకుండా నిండింది, నిండగానే ఎగదన్నింది. మడ్డి సమస్యే అయితే ఖాళీ చేయించాక కనీసం ఏళ్ల తరబడి హాయిగా ఉండాలి. కాబట్టి మీరూ మొదట వేయాల్సిన లెక్క ఇదే: ట్యాంక్ పట్టే లీటర్లను రోజువారీ వాడకంతో భాగించండి. ఖాళీ చేయించాక ఉపశమనం ఆ సంఖ్యకు దగ్గరగానే ముగిసిపోతే తప్పు సోక్ పిట్‌ది, లేదా అక్కడికి పోయే పైపుది. ఆ సంఖ్య కన్నా బాగా ముందే ట్యాంక్ నిండిపోతే ఇంట్లో ఏదో కారుతోంది, లేదా భూగర్భజలం పగుళ్లలోంచి లోపలికి వస్తోంది.

రెండోసారి ట్యాంకర్ వచ్చినప్పుడు ముందుగా కర్ర దించి చూస్తే రెండు అంగుళాల మడ్డి కూడా లేదు. నీళ్లు లాగుతుండగా ట్యాంకర్ మీద పనిచేసే కుర్రాడు, "సార్, అవతలి గుంతలోంచి నీళ్లు వెనక్కి వస్తున్నాయి చూడండి" అన్నాడు. అవుట్‌లెట్ పైపులోంచి నల్లటి నీళ్లు ట్యాంక్‌లోకి పడుతున్నాయి. గుంతలో నీళ్లు పైపు కన్నా ఎత్తులో ఉన్నాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మీ ఇంటికి ట్యాంకర్ వస్తే పైపు పెట్టి పక్కకు వెళ్లిపోకండి. పైనున్న చిన్న గొట్టంలోంచి కాకుండా పెద్ద మూత తీయించి, రెండు అరలుంటే రెండూ లాగించి, చివరిదాకా అవుట్‌లెట్ వైపు చూస్తూ ఉండండి.

అప్పుడే టార్చ్ వెలుగులో అసలు కారణం కూడా కనిపించింది. అవుట్‌లెట్ దగ్గర ఉండాల్సిన టీ లేదు, ఎప్పుడో ఊడి పడిపోయింది. ఆ టీ కింది కాలు నీటిలోకి అడుగున్నర దాకా మునిగి ఉంటే తెట్టును ఆపి, మధ్యలోని తేరిన నీటినే బయటికి వదులుతుంది. అది లేక పైన తేలే కొవ్వంతా నేరుగా గుంతలోకి పోయింది. గుంత గోడల మట్టి మీద నల్లటి జిగురు పొర పట్టి మట్టి రంధ్రాలు మూసుకుపోయాయి.

గుంత ఎంత తాగుతోందో కొలవడం

ట్యాంక్ ఖాళీ చేయించిన తర్వాతి మూడు నాలుగు రోజులు ఇందుకు మంచి సమయం. ట్యాంక్ ఇంకా అవుట్‌లెట్ దాకా రాలేదు కాబట్టి గుంతలోకి కొత్త నీరు పోదు. మీరు ఇంట్లో నీళ్లు మామూలుగా వాడుకోవచ్చు. వెనక్కి కారడం ఆగిపోయాక, మర్నాడు ఉదయం కర్రతో గుంతలో నీటి మట్టం కొలిచి, సరిగ్గా 24 గంటల తర్వాత మళ్లీ కొలవండి. మధ్యలో వాన పడకూడదు.

మా గుంత లోపల నాలుగు అడుగుల వెడల్పున్న గుండ్రటి సిమెంటు వరలది, లోపల రాళ్లు లేవు. అలాంటి దాంట్లో ఒక అంగుళం తగ్గితే 30 లీటర్లు ఇంకినట్టు. మాకు 24 గంటల్లో ఆరు అంగుళాలు తగ్గింది, అంటే 180 లీటర్లు. ఇంట్లోంచి వచ్చేది 600. ఇక ఎంత పొదుపు చేసినా ఆ గుంత మమ్మల్ని మోయలేదని అప్పుడు తెలిసిపోయింది. మీ గుంత రాళ్లతో నింపినదైతే రాళ్ల సందుల్లోనే నీరుంటుంది కాబట్టి లెక్కలో మూడో వంతుకు కాస్త పైగా మాత్రమే తీసుకోండి.

గుంత చెడిపోతున్న గుర్తులు బయట కూడా కనిపిస్తాయి. దాని చుట్టూ నేల ఎండాకాలంలోనూ తడిగా ఉండడం, అక్కడ మాత్రమే గడ్డి పచ్చగా ఎదగడం, సాయంత్రాలు మురుగు వాసన రావడం, బట్టలు ఉతికిన రోజు మాత్రమే ఇంట్లో నీళ్లు ఆగడం. వానాకాలంలో ఆగి ఎండాకాలంలో బాగుంటే అది వేరే జబ్బు. గుంత గోడలు బాగానే ఉన్నా చుట్టూ భూగర్భజలం పైకి రావడంతో నీరు ఇంకడానికి చోటు లేదు. దానికి ఇంకా లోతైన గుంత తవ్వితే సమస్య పెరుగుతుంది. తక్కువ లోతులో పొడవుగా సాగే కందకం మేలు.

ఏం చేయాలి, ఏం చేయకూడదు

మేం మొదట అవుట్‌లెట్‌కు కొత్త టీ పెట్టించాం. దాని పై మూతి తెరిచి ఉంచితే గాలి పోతుంది, రాడ్ దించడానికీ పనికొస్తుంది. టీ పెట్టకుండా కొత్త గుంత తవ్వితే అది కూడా అదే దారి పడుతుంది. ఆ తర్వాత పాత గుంతకు దూరంగా రెండో గుంత తవ్వించి, మధ్యలో ఒక చాంబర్ కట్టి, ఏదో ఒక గుంతకే నీళ్లు పోయేలా అమర్చాం. పాత గుంత ఆరితే జిగురు పొరకు గాలి తగిలి అది మెల్లగా కరుగుతుంది. ఆరు నెలలకు తక్కువ కాకుండా వదిలేస్తే మంచిది. పూర్తిగా కొత్తదానిలా అవుతుందని చెప్పలేను, కానీ వంతులవారీగా వాడుకోవడానికి పనికొస్తుంది.

కొత్త గుంతకు ముందు మట్టిని పరీక్షించండి. గుంత వచ్చే చోట అడుగు వెడల్పు గొయ్యి తీసి, రాత్రంతా నీళ్లతో నానబెట్టి, మర్నాడు ఆరు అంగుళాల నీరు పోసి, ఒక అంగుళం ఇంకడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. అరగంటలోపు అయితే సోక్ పిట్ చక్కగా పనిచేస్తుంది. గంట దాటితే ఆ మట్టిలో గుంత తవ్వడం దండగ. బావి, బోరు నుంచి 100 అడుగులైనా దూరం ఉంచండి. గుంత అడుగుకూ వానాకాలపు భూగర్భజల మట్టానికీ మధ్య ఆరు అడుగుల మట్టి ఉండేలా చూడండి.

ఈలోపు ఇల్లు నడవాలంటే నీటి వాడకాన్ని రోజంతా పంచండి. బట్టలన్నీ ఒకే రోజు వేయొద్దు, కారే ఫ్లష్‌ను ఆ రోజే బాగుచేయించండి. యాసిడ్, కాస్టిక్ సోడా పోయకండి. అవి ట్యాంక్‌లో పనిచేసే సూక్ష్మజీవులను చంపుతాయి, గుంత గోడకు పట్టిన పొరను మాత్రం కదిలించలేవు. సీసాల్లో పొడుల్లో అమ్మే బ్యాక్టీరియా మందులతోనూ మూసుకుపోయిన గుంత తెరుచుకోదు. నేల మీద మురుగు పొంగి ఉంటే చేతికి తొడుగులు వేసుకుని కడిగి, బ్లీచింగ్ నీళ్లతో తుడవండి. బ్లీచింగ్, యాసిడ్ మాత్రం కలపకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది.

మీ ట్యాంక్ ప్లాస్టిక్‌దో ఫైబర్‌దో అయితే వానాకాలంలో పూర్తిగా ఖాళీ చేయించకండి. చుట్టూ ఉన్న నీరు ఖాళీ ట్యాంక్‌ను పడవలా పైకి లేపి పైపులు విరిచేస్తుంది. తప్పనిసరై లాగించాల్సి వస్తే, లాగిన వెంటనే మంచినీళ్లతో సగం నింపేయండి.